నెల తప్పడానికి ఒకటే కారణమా?

మన భాషలో "ఆ అమ్మాయి నెల తప్పింది" అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. గర్భం అనే అర్థం చేసుకుంటారు. మరి గర్భం లేని పిల్లకు నెలసరి ఆగిపోతే దానికి మనకు విడిగా మాట లేదు. హాస్టల్లో "డేట్ దాటిపోయిందే" అంటాం. హోసూరులో మా అవ్వ "ముట్టు నిలిచిపోయింది" అంటుంది కానీ, అది వయసు మళ్లినవాళ్ల గురించి చెప్పే మాట. మాట లేకపోతే ఏమైంది అనిపించవచ్చు. మా పిన్ని కూతురు ఐదు నెలలు ఎవరికీ చెప్పకుండా దాచడానికి కారణం సరిగ్గా ఇదే. చెబితే ఇంట్లోవాళ్లకు ముందు తట్టేది ఆ ఒక్క అర్థమే కదా అని దాని భయం.

దాని అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది. చెల్లెలు అని రాస్తాను.

చెల్లికి 19 ఏళ్లు. పదమూడో ఏట సమర్త అయింది, తర్వాత ఏడాదికల్లా నెలసరి క్రమంలో పడింది, 28 నుంచి 31 రోజులకు ఒకసారి వచ్చేది. బెంగళూరులో కాలేజీలో చేరేటప్పటికి 157 సెంటీమీటర్ల ఎత్తు, 53 కిలోల బరువు. అంటే సరైన బరువే. కానీ చేరిన కొత్తలో గదిలోవాళ్లు ఏదో అన్నారు, అద్దం ఇంకేదో అంది, జులైలో అన్నం మానేసింది. ఉదయం ఒక ఇడ్లీ, కాఫీ. మధ్యాహ్నం రెండు చపాతీలు, కీరదోస ముక్కలు. రాత్రి మజ్జిగ, ఒక పండు. సాయంత్రం డాబా మీద స్కిప్పింగు. దీనికి తోడు లెక్కల పేపరు భయం, రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవడం. డిసెంబరుకు 44 కిలోలకు వచ్చింది. అక్టోబరులో వచ్చినదే చివరి నెలసరి.

ఇక్కడ కొంచెం ఆగి, నెలసరి అసలు ఎలా వస్తుందో చూద్దాం. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

నెలసరి గర్భాశయంలో కనిపిస్తుంది కానీ మొదలయ్యేది తలలో. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. మన హాస్టలు గంట లాగా అది ఉండి ఉండి ఒక హార్మోన్ను కొద్దికొద్దిగా వదులుతుంది. నెల మొదటి సగంలో సుమారు గంటకో గంటన్నరకో ఒక దెబ్బ. ఆ గంట విని, దాని కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. అవి అండాశయానికి చేరితే అక్కడ ఒక అండం పెరుగుతుంది, ఈస్ట్రోజన్ తయారవుతుంది. ఈస్ట్రోజన్ గర్భాశయం లోపలి పొరను మందంగా చేస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ వస్తుంది, అది ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే రెండు వారాలకు ప్రొజెస్టరాన్ పడిపోతుంది, పొర ఊడి వస్తుంది. అదే నెలసరి.

కాబట్టి నెలసరి రాలేదంటే రెండు పూర్తి వేరు సంగతులు కావచ్చు. పొర పెరిగింది కానీ అండం విడుదల కాక, ఊడమనే సంకేతం అందలేదు. లేదా పైన గంటే సరిగా మోగక, ఈస్ట్రోజన్ లేక, పొర అసలు పెరగలేదు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వైద్యం మాత్రం ఒకదానికొకటి ఎదురు. ఒకచోట బరువు తగ్గమనాల్సి రావచ్చు, రెండోచోట పెరగమనాలి. చెల్లి విషయంలో తేడా వచ్చింది ఇక్కడే.

మార్చిలో అది చివరికి నాకు చెప్పింది. పిన్నికి నేను చెప్పాను. పిన్ని ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత "దాన్ని ఏమీ అనకు, ముందు డాక్టరు దగ్గరికి పోదాం" అంది. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు వెళ్లారు. అక్కడ స్కానింగ్ చేశారు. అండాశయాల్లో చిన్న చిన్న నీటి గుల్లలు చాలా ఉన్నాయన్నారు. "పీసీఓడీ" అని చీటీ మీద రాశారు. ఐదు రోజుల మాత్రలు ఇచ్చి, అవి ఆపాక వస్తుందన్నారు. తీపి మానెయ్, అన్నం తగ్గించు, బరువు పెరగకుండా చూసుకో అని కూడా చెప్పారు. 44 కిలోల పిల్లకు!

మాత్రలు ఆపి పది రోజులైనా ఏమీ రాలేదు. మళ్లీ వెళ్తే 21 రోజుల మాత్రలు ఇచ్చారు, గర్భనిరోధానికి వాడేవే. అవి అయ్యాక మూడో రోజు రక్తస్రావమైంది. ఇంట్లో అందరికీ ఊపిరి వచ్చింది. పిన్ని వినాయకుడి గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. తర్వాతి నెల మాత్రలు వేసుకోలేదు, నెలసరీ రాలేదు.

మేలో మూడోచోట ఒక డాక్టరమ్మ దగ్గరికి నేనూ వెంట వెళ్లాను. ఆమె స్కానింగ్ కాగితం పక్కన పెట్టి ముందు చెయ్యి పట్టుకుని నాడి చూసింది. నిమిషానికి 52. తర్వాత బరువు, ఎత్తు, గత ఏడాది బరువు, ఏం తింటావు, ఎంత నడుస్తావు, నిద్ర ఎంత, చలిగా అనిపిస్తుందా, తల నొప్పి ఉందా, చూపు పక్కలకు తగ్గిందా, రొమ్ముల నుంచి పాల లాంటిది వస్తోందా, గడ్డం మీద ముతక వెంట్రుకలు వచ్చాయా, ఏవైనా మందులు వాడుతున్నావా అని అడిగింది. నన్ను కాసేపు బయట కూర్చోమని గర్భం గురించి కూడా అడిగిందట. చెల్లి కోపంగా బయటికి వచ్చింది. ఆ ప్రశ్న వాళ్లు అందరినీ అడుగుతారు, మూత్ర పరీక్ష అందరికీ చేయిస్తారు. అది నమ్మకం లేక కాదు. ఆ ఒక్కటి తేల్చుకోకుండా మిగతా పరీక్షలకు అర్థం ఉండదు, కొన్ని మందులు ఇవ్వడానికీ వీలు కాదు.

ఇంకో మాట కూడా చెప్పింది. 21 రోజుల మాత్రలు వాడిన వెంటనే హార్మోన్ల పరీక్ష చేస్తే మాత్రల లెక్కే కనిపిస్తుంది, నీ లెక్క కనిపించదు అని. అందుకని ఆరు వారాలు ఆగి, జూన్‌లో రక్తం తీయించింది.

వచ్చిన ఫలితాలను ఒక్కొక్కటీ చెబుతాను. ఒక్కో పరీక్ష ఒక్కో అనుమానాన్ని తీర్చడానికే.

మొదటిది థైరాయిడ్. చెల్లికి జుట్టు ఊడుతోంది, మేలో కూడా చలి, మలబద్ధకం. ఇవన్నీ విని మా అత్తయ్య "థైరాయిడే, మా ఆడపడుచుకి ఇలాగే" అని తేల్చేసింది. అనుమానం తప్పేమీ కాదు. థైరాయిడ్ బాగా తగ్గితే, దాన్ని లేపడానికి మెదడు పంపే సంకేతం పెరుగుతుంది. ఆ సంకేతమే పిట్యూటరీని ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ కూడా ఎక్కువ చేసేలా చేస్తుంది. ప్రొలాక్టిన్ పెరిగితే పైన గంట మెల్లబడుతుంది. బిడ్డకు పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు నెలసరి రాకపోవడం వెనక ఉన్నదీ ఈ ప్రొలాక్టినే. అయితే థైరాయిడ్ తగ్గినవాళ్లలో నెలసరి ఆగడమే కాదు, ఎక్కువగా పోవడం కూడా ఉంటుంది. థైరాయిడ్ పెరిగినవాళ్లకు తక్కువగా, దూరం దూరంగా వస్తుంది, గుండె దడదడలాడుతుంది. టీఎస్‌హెచ్ అనే ఒక్క పరీక్షతో ఇది చాలావరకు తేలిపోతుంది. మామూలుగా అది 0.4 నుంచి 4 వరకు ఉంటుంది, ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ. చెల్లికి 2.1. థైరాయిడ్ కాదు. ఆకలితో ఉన్న ఒళ్లు ఖర్చు తగ్గించుకునేటప్పుడు కూడా చలి వేస్తుంది, జుట్టు ఊడుతుంది, నాడి మెల్లబడుతుంది. అత్తయ్య చూసిన గుర్తులు నిజమే, కారణం వేరు.

రెండోది ప్రొలాక్టిన్. అది 11. ల్యాబు హద్దు 25 లోపే. ఇది పెరగడానికి పిట్యూటరీలో చిన్న గడ్డ కారణం కావచ్చు. ఎక్కువగా అది కాన్సర్ కాదు, చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది. వాంతులకు వాడే డోంపెరిడోన్, మానసిక వైద్యంలో వాడే రిస్పెరిడోన్ లాంటి మందులతో కూడా పెరుగుతుంది. అందుకే మందుల గురించి అడిగింది. అలాంటి మందు వాడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదివి మీ అంతట మీరు ఆపేయకండి, ఇచ్చిన డాక్టరుతో మాట్లాడండి.

మూడోది ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రోజన్. అసలు జవాబు ఇక్కడే ఉంది. అండాశయమే ముందుగా అలిసిపోయి ఉంటే, పైనుంచి పిట్యూటరీ ఇంకా గట్టిగా అరుస్తుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. చెల్లికి 4.8 మాత్రమే. పీసీఓఎస్ అయితే ఎల్‌హెచ్ తరచు ఎక్కువ వైపు ఉంటుంది, మగ హార్మోన్లు పెరుగుతాయి, ఈస్ట్రోజన్ మాత్రం ఉంటుంది. చెల్లికి ఎల్‌హెచ్ 1.2, ఈస్ట్రోజన్ 18, రెండూ బాగా తక్కువ. మగ హార్మోన్ మామూలుగానే ఉంది. ముఖం మీద ముతక వెంట్రుకలు లేవు, మొటిమలు లేవు. అంటే పిట్యూటరీ అరవడం లేదు, ఎందుకంటే దానికి పైనుంచి గంటే సరిగా వినపడడం లేదు.

మొదటిసారి ఇచ్చిన ఐదు రోజుల మాత్రలు ఎందుకు పనిచేయలేదో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. అవి ప్రొజెస్టరాన్ జాతి మాత్రలు. ఆపినప్పుడు పొర ఊడాలి. ఊడడానికి పొర ఉంటే కదా! రెండోసారి ఇచ్చినవాటిలో ఈస్ట్రోజన్ కూడా ఉంది. మాత్రే పొరను పెంచింది, మాత్ర ఆగగానే అది ఊడింది. కొబ్బరికాయ కొట్టింది మాత్రకు. చెల్లి అండాశయాలు ఆ నెలంతా నిద్రలోనే ఉన్నాయి.

మరి స్కానింగ్‌లో కనిపించిన గుల్లలు? వాటిని నీటి గుల్లలు అంటారు కానీ అవి పెరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిన అండాల గూళ్లు. ఈ వయసులో ఆరోగ్యంగా ఉన్న చాలామంది పిల్లలకూ అవి ఎక్కువగానే కనిపిస్తాయి. అందుకే సమర్త అయి ఎనిమిదేళ్లు నిండనివాళ్లలో స్కానింగ్ చూసి పీసీఓఎస్ తేల్చకూడదని 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. చెల్లికి సమర్త అయి ఆరేళ్లే. పీసీఓఎస్ అని చెప్పడానికి నెలసరి తేడాతో పాటు మగ హార్మోన్ల గుర్తు కూడా ఉండాలి, ఇతర కారణాలన్నీ తీసివేసి ఉండాలి. మన తరగతిలోనే నలుగురైదుగురు "నాకు పీసీఓడీ" అంటారు. కొందరికి నిజంగా ఉంటుంది, అది తేలికగా తీసుకోవాల్సింది కాదు. వాళ్లకు పొర పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఊడకుండా వదిలేస్తే తర్వాత ప్రమాదం, డాక్టర్లు కనీసం మూడు నెలలకు ఒకసారైనా వచ్చేలా చూడడం అందుకే. కానీ ఎవరికి ఏమేమి పరీక్షలు చేసి ఆ పేరు పెట్టారో అడిగి తెలుసుకోవడం మన హక్కు.

చెల్లికి వచ్చినదాన్ని హైపోథాలమస్ వల్ల ఆగిన నెలసరి అంటారు. అందులో గడ్డ లేదు, జబ్బుపడిన గ్రంథి లేదు. ఒళ్లు లెక్క చూసుకుని, ఇప్పుడు బిడ్డను మోసే స్థితి లేదని గంట మోగించడం తగ్గించింది. ఆ లెక్క ఎలాంటిదో డాక్టరమ్మ కాగితం మీద వేసి చూపించింది. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసేయాలి. మిగిలినదాన్ని, కొవ్వు తీసేయగా ఉన్న ఒంటి బరువుతో భాగించాలి. చెల్లి రోజుకు తినేది సుమారు 1200. స్కిప్పింగుకు 300. మిగిలింది 900. దాని 44 కిలోల్లో కొవ్వు పోను 35 కిలోలు అనుకుంటే కిలోకు 26కు లోపు. అమెరికాలో ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త 2003లో ప్రచురించిన ప్రయోగంలో, నెలసరి సరిగా వచ్చే యువతులకు ఇది 30కి దిగువకు తగ్గితే ఐదు రోజుల్లోనే ఎల్‌హెచ్ దెబ్బల వరస చెదిరింది. ఐదు రోజులు! చెల్లి ఐదు నెలలు అలా ఉంది. 30 అనేది అందరికీ గీసిన గీత కాదు, ఒకరికి ముందే ఆగవచ్చు, ఒకరికి ఆగకపోవచ్చు. సన్నగా కనిపించాలన్న నియమం కూడా లేదు. 68 కిలోల నుంచి 56కు గబగబా తగ్గిన పిల్లకు కూడా ఇదే జరగవచ్చు.

మనసు మీది ఒత్తిడి కూడా ఇదే దారిలో పని చేస్తుంది. పరీక్షల నెలలో వారం పది రోజులు ఆలస్యం కావడం మనందరికీ తెలిసిందే. అది ఎక్కువగా అండం ఆలస్యంగా విడుదల కావడం వల్ల, తర్వాత సర్దుకుంటుంది. కానీ ఒత్తిడి, తక్కువ తిండి, వ్యాయామం మూడూ కొంచెం కొంచెం కలిస్తే, ఏ ఒక్కటీ పెద్దది కాకపోయినా గంట ఆగిపోగలదు. ఇలా ఆగిన 16 మంది స్త్రీలపై 2003లోనే వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఉంది. ఎనిమిది మందికి తిండి, శరీరం, దిగులు గురించిన ఆలోచనలను సరిదిద్దే కౌన్సెలింగ్ ఇచ్చారు, ఎనిమిది మందిని ఊరికే గమనించారు. 20 వారాల్లో మొదటి గుంపులో ఏడుగురికి అండాశయాలు మళ్లీ పని మొదలుపెట్టాయి, రెండో గుంపులో ఇద్దరికే. మాటలతో హార్మోన్లు కదులుతాయా అని నేను కూడా నవ్వాను. కదులుతాయి.

"నెలసరి రాకపోతే నాకు హాయిగానే ఉంది కదక్కా" అని చెల్లి నాతో అంది. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట నచ్చింది. డాక్టరమ్మ జవాబు ఒక్కటే, ఎముక. ఇరవైల్లో ఉన్నప్పుడే ఎముక తన పూర్తి బలానికి చేరుతుంది, ఈస్ట్రోజన్ లేకపోతే ఆ కట్టడం ఆగిపోతుంది. నెలసరి ఆరు నెలలు దాటి ఆగింది కాబట్టి ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించింది. వెన్నెముక దగ్గర వయసుకు ఉండాల్సినదానికంటే కొంచెం తక్కువ వచ్చింది. 21 రోజుల మాత్రలు వాడుతూ పోతే రక్తం కనిపించేది, కానీ తిండి సంగతి అలాగే ఉండేది, ఎముకకు దానివల్ల నమ్మకమైన రక్షణా లేదు.

మందు ఏమీ రాయలేదు. కాల్షియం, విటమిన్ డి తప్ప. స్కిప్పింగు మూడు నెలలు పూర్తిగా బంద్. తిండి మాత్రం ఒక్కసారి కాదు, వారం వారం కొంచెం పెంచి రోజుకు 2000కు చేర్చాలి. అన్నం మళ్లీ కంచంలోకి వచ్చింది. మొదట్లో ప్రతి ముద్దకూ ఏడ్చేది. కౌన్సెలర్ దగ్గరికి రెండు వారాలకు ఒకసారి వెళ్లింది. ముట్టు రావాలంటే నువ్వులు, బెల్లం పెట్టాలని అవ్వ డబ్బాల కొద్దీ నువ్వుండలు పంపింది. నువ్వులు నెలసరి తెప్పిస్తాయని కాదు కానీ, ఆ ఉండల్లో ఉన్న కేలరీలు మాత్రం బాగా పనికొచ్చాయి, ఆ సంగతి అవ్వకు ఎవరం చెప్పలేదు.

అక్టోబరుకు 50 కిలోలైంది, అయినా రాలేదు. అప్పుడు చెల్లి మళ్లీ డీలా పడింది. బరువు వచ్చిన వెంటనే గంట మోగదు, చాలామందికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది, ఆగినప్పుడు ఉన్న బరువు కంటే కొంచెం ఎక్కువే కావాల్సి రావచ్చు. సంక్రాంతి సెలవుల్లో, 52 కిలోల దగ్గర, ఏ మాత్రా లేకుండా వచ్చింది. రెండోది 43 రోజులకు, మూడోది 36కు. పెళ్లయినవాళ్లకు ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ముందు అండం విడుదలై, రెండు వారాల తర్వాతే నెలసరి వస్తుంది, కాబట్టి ఇంకా నెలసరి రాలేదు కదా అనుకునే రోజుల్లో గర్భం రావచ్చు.

ఎప్పుడు వెళ్లాలి అని చాలామంది అడిగారు. క్రమంగా వచ్చేది మూడు నెలలు ఆగితే, ముందునుంచీ క్రమం లేనివాళ్లకు ఆరు నెలలు ఆగితే వెళ్లాలి. 15 ఏళ్లు నిండినా సమర్త కాని చెల్లెళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనూ చూపించాలి. పాలు రావడం, చూపు తగ్గడం, తగ్గని తలనొప్పి ఉంటే నెలలు లెక్కపెట్టకుండా వెంటనే. గర్భానికి అవకాశం ఉందనుకుంటే డేట్ దాటిన వారానికే పరీక్ష చేసుకోవాలి. మందుల షాపులో అడిగి "తెప్పించే మాత్ర" మింగడం మాత్రం వద్దు, అది రక్తాన్ని తెస్తుంది కానీ కారణాన్ని దాచేస్తుంది.

వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. చివరి ఆరు నెలసరుల తేదీలు, ఏడాది క్రితం బరువు, ఇప్పటి బరువు, ఒక మామూలు రోజు తిండి, వాడుతున్న మాత్రల పేర్లు. చెల్లి మొదటి రెండుసార్లూ అది లేకుండానే వెళ్లింది, "పోయిన ఏడాది బరువెంత" అని అక్కడ ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు. ఇప్పుడు దాని గది తలుపు వెనక పాల డైరీ వాళ్ల కేలండర్ ఉంది. ఎర్ర పెన్నుతో మూడు సున్నాలు చుట్టి ఉన్నాయి. పోయిన వారం పిన్ని దాన్ని చూసి, "నాలుగోది ఎప్పుడే?" అని వంటింట్లోంచి అందరికీ వినపడేలా అడిగింది.